గంజి వజను, ఆర్ట్ పట్టు, ఒక తర్జుమా తకరార్

"మేడమ్, మీకిచ్చిన పని ట్రాన్స్‌లేషన్. తహఖీఖాత్ కాదు."

పోయిన నెల ఒక చేనేత ఎగుమతి ఆఫీసు నుంచి ఫోన్లో వచ్చిన మాట ఇది. ఆయన 'ఎంక్వైరీ' అన్నాడు, నేను మన మాటలో రాస్తున్నా. సాలూరులో ఇంట్లో కూచుని ఆరేళ్ళుగా ఈ పనే చేస్తున్నా. మగ్గం దగ్గర్నుంచి వచ్చిన తెలుగు వివరాల్ని ఇంగ్లీషులోకి తెచ్చి, విదేశాల కొనుగోలుదారుకి పంపే ప్రొడక్ట్ షీట్ తయారు చెయ్యడం. ఏ నూలు ఎంత శాతం, గుడ్డ వజనెంత, ఎలా ఉతకాలి, ఇస్త్రీ ఎంత వేడి మీద చెయ్యాలి. చూడ్డానికి నాలుగు లైన్ల పని. ఆ నాలుగు లైన్ల మీదే ఆ ఆఫీసుకీ నాకూ తకరార్ అయింది, పని పోయింది. పని పోయిందని ఏడవడానికి రాయడం లేదు. ఈ పని మన ఇళ్ళల్లో చదువుకున్న ఆడపిల్లలు చాలామంది పట్టుకుంటున్నారు గనక, ఇందులో ధోకా ఏ దారిన లోపలికొస్తుందో వాళ్ళకి తెలియాలని రాస్తున్నా.

సంగతేమిటంటే, ఒక స్టోల్. మెడ చుట్టూ వేసుకునే గుడ్డ, 70 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవు. ఆఫీసు వాళ్ళు నాకు తమ ఇంగ్లీషు ముసాయిదా పంపి, "కొంచెం భాష సరిచెయ్యండి" అన్నారు. అందులో ఉన్నది తెలుగులో చెప్తా: 'చేతితో నేసిన ఆర్టిసానల్ సిల్క్ కాటన్ స్టోల్. ప్యూర్ జరీ అంచు. 90 జీఎస్ఎమ్. 80 థ్రెడ్ కౌంట్. రంగు పోదు. చేత్తో ఉతకాలి, వేడి ఇస్త్రీ.' ఫొటోల వివరం రాయడానికని రెండు నమూనాలు కూడా కొరియర్లో పంపారు. ఆ రెండు నమూనాలు నా చేతికి రాకపోయుంటే నేను కూడా కామాలు, ఫుల్‌స్టాపులు సర్ది పంపేసి ఉందును. అల్లాహ్ మేహర్‌బానీ, వచ్చాయి.

చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. పట్టుకి ఉండే వెచ్చదనం లేదు, చల్లగా జారుతోంది. పక్కనుంచి ఒక పేక పోగు లాగి కిచెన్లో అగ్గిపుల్లతో అంటించా. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, చివర నల్లటి పూస కట్టి వేళ్ళ మధ్య పొడి కావాలి. ఇది కాగితం కాలినట్టు భగ్గున కాలి మెత్తటి బూడిదైంది. అంటే కలప గుజ్జు నుంచి తీసే విస్కోస్. అంచులోని జరీ పోగు ఏమో ముడుచుకుని కరిగి గట్టి గుండులా అయింది. అది ప్లాస్టిక్ జరీ, అంటే లోహపు పూత ఉన్న పాలిస్టర్. అగ్గిపుల్ల పరీక్ష కోర్టులో చెల్లదు, కానీ ఎవర్ని ఏం సవాల్ అడగాలో చెప్తుంది.

అడిగా. నేతగాడి నంబరు కావాలన్నా. "మీకెందుకు?" అన్నారు. "80 థ్రెడ్ కౌంట్ అన్నది అర్థం కాలేదు, అడగాలి" అన్నా. అది అబద్ధం కాదు, నిజంగానే అర్థం కాలేదు. నంబరిచ్చారు. ఆయన పెద్దాయన, నలభై ఏళ్ళుగా మగ్గం మీదున్నాడు. "అమ్మా, నేను సరుకుతో పాటు చిట్టీ రాసి ఇచ్చాను గదా, మీకది చూపించలేదా?" అన్నాడు. తన దగ్గరున్న నకలు మనవడి చేత ఫొటో తీయించి పంపాడు. సగం నోటుబుక్కు కాగితం మీద బాల్‌పెన్ రాత:

'స్టోల్. పడుగు 2/80 కాటన్. పేక ఆ.పట్టు. అంచు ప్లా.జరీ. 70 × 200. 126 గ్రా. గంజితో. ఎరుపు అంచు మొదటి ఉతుకులో కొంచెం దిగుతుంది.'

చదివారా? ప్రతి మాటా నిజం. ఆయన ఏదీ దాచలేదు. 'ఆ.పట్టు' అంటే ఆర్ట్ పట్టు, మగ్గాల దగ్గర అందరికీ తెలిసిన మాట. ఆర్టిఫిషియల్ సిల్క్‌ని కుదించి వ్యాపారులు ఆర్ట్ సిల్క్ అన్నారు, నేతవాళ్ళు ఆర్ట్ పట్టు అన్నారు. పట్టుపురుగుకీ దానికీ ఏ రిష్తా లేదు. ఆఫీసులో ఎవరో దాన్ని 'ఆర్ట్ సిల్క్' అని కంప్యూటర్లోకి ఎక్కించారు. ఇంకెవరో 'ఆర్ట్' అంటే కళ అనుకుని 'ఆర్టిసానల్ సిల్క్' చేశారు. 'ప్లా.జరీ' ఏమో 'ప్యూర్ జరీ' అయింది. 'గంజితో' అన్న మాట మాయం. 'కొంచెం దిగుతుంది' అన్నది 'రంగు పోదు' అయింది. '2/80' అంటే 80 నంబరు నూలు రెండు పేటలు కలిపి పురి పెట్టింది అని అర్థం, నూలు ఎంత సన్నమో చెప్పే లెక్క. అది 'థ్రెడ్ కౌంట్' అయిపోయింది. థ్రెడ్ కౌంట్ అంటే ఒక అంగుళంలో పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కబెట్టి కలిపినది. భూతద్దం పెట్టి లెక్కేస్తే పడుగు 77, పేక 69, మొత్తం 146 వచ్చింది. అంటే ఆ ఒక్కచోట ఆఫీసు వాళ్ళు తమ సరుకుని తామే తక్కువ చేసుకున్నారు. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోయారు.

ఇక్కడ కొందరు అంటారు, "పోనీ, పట్టు అన్నా ఆర్ట్ పట్టు అన్నా చూసేవాడికి మెరుపే కదా?" ఈ మాట మన ఇళ్ళల్లో అనకండి. మన మగవాళ్ళకి అసలు పట్టు కట్టడం మనా. ఆర్ట్ పట్టుకి ఆ మనా లేదని ఎక్కువమంది ఉలమాలు చెప్తారు. నికాహ్ షేర్వానీకి గుడ్డ తీసేటప్పుడు మన పెద్దవాళ్ళు దుకాణంలో ఆ సవాల్ అడగడం మీరూ చూసే ఉంటారు. మష్రూ అనే గుడ్డ పుట్టిందే ఈ సవాల్ నుంచి. ఆ మాటకి అర్థమే షరియత్ ఒప్పుకున్నది అని. పైన పట్టు మెరుపు, లోపల ఒంటికి తగిలే వైపు నూలు. పడుగు పట్టు, పేక కాటన్ పెట్టి, పట్టు ముఖం మీదే తేలేటట్టు శాటిన్ నేత నేసేవారు. ఆ కారీగర్లకి ఏ పోగు ఏ వైపు ఎంత ఉందో చెప్పడం ఈమాన్‌కి సంబంధించిన లెక్క. ఈనాడు గుజరాత్‌లో నేసే మష్రూలో కూడా చాలామటుకు పట్టు పోయి రేయాన్ వచ్చింది. పెట్టుకోనీ, కానీ చెప్పి అమ్మనీ. గుడ్డలో ఏముందన్న సమాచారం మన సముదాయానికి కొత్తగా యూరప్ నేర్పిన పాఠం కాదు.

యూరప్ లెక్క కూడా చెప్తా, ఎందుకంటే ఆ స్టోల్ అక్కడికే వెళ్తోంది. యూరోపియన్ యూనియన్ 1007/2011 అనే రెగ్యులేషన్ ప్రకారం పట్టుపురుగులాంటి కీటకాల నుంచి వచ్చిన పోగుకే సిల్క్ అన్న పేరు చెల్లుతుంది. పోగుల పేర్లు ఆ చట్టంలోని జాబితా నుంచే రాయాలి, బరువు శాతంతో, ఎక్కువ నుంచి తక్కువకి. 'ఆర్టిసానల్ సిల్క్' ఆ జాబితాలో లేదు. పైగా అక్కడ ఏ దేశంలో అమ్మితే ఆ దేశ భాషలో లేబుల్ ఉండాలి. మనం ఇంగ్లీషులో రాసిన తప్పుని అక్కడ ఎవరో మన మీద నమ్మకంతో జర్మన్‌లోకో ఫ్రెంచ్‌లోకో తర్జుమా చేస్తారు. ఝూట్ అక్కడితో ఆగదు, పిల్లల్ని కంటుంది.

"ఎవరు చూస్తారు మేడమ్ అంత దూరం?" అన్నది ఆఫీసాయన రెండో దలీలు. చూస్తారు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో అమెజాన్, మేసీస్, సియర్స్, లియోన్ మ్యాక్స్ అనే నాలుగు కంపెనీల దగ్గర మొత్తం 12.6 లక్షల డాలర్ల జుర్మానా వసూలు చేసింది. నేరమేంటి? రేయాన్ గుడ్డని వెదురు గుడ్డ అని చెప్పి అమ్మడం. వెదురు గుజ్జు నుంచే తీసినా, రసాయనాల్లో కరిగించి పోగు తీశాక అది రేయాన్, ఆ పేరే రాయాలి అన్నారు. 2022లో అదే మాట మీద కోల్స్ 25 లక్షలు, వాల్‌మార్ట్ 30 లక్షల డాలర్లు కట్టేందుకు ఒప్పుకోవలసి వచ్చింది. మన స్టోల్ కేసు అచ్చం అదే జాతి. రేయాన్‌కి ఒక అందమైన పేరు పెట్టి అమ్మడం. అంత పెద్ద షావుకార్లకి తప్పనిది మన ఊళ్ళ ఎగుమతిదారుకి తప్పుతుందా?

సరే, ఇక అసలు లెక్కకి వస్తా. నిజంగా ఆ స్టోల్‌లో ఏమెంత?

మా అబ్బా సాలూరు నుంచి ఘాట్ ఎక్కి కొరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ దాకా లారీ తోలినవాడు. మా ఊరి సంగతి మీకు తెలుసు, లారీల ఊరు. ఇక్కడ పిల్లలక్కూడా వేబ్రిడ్జి భాష వస్తుంది. లోడు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తేనే సరుకు వజను. స్టోల్ 126 గ్రాములు అని చూసినప్పుడు అబ్బా ఒకటే అడిగాడు. "బేటా, ఇందులో ఖాళీ బండి ఎంత?"

ఆ ఖాళీ బండే గంజి. మగ్గం మీద పడుగు పోగు రాపిడికి తెగకుండా గంజి పట్టిస్తారు, అది తప్పదు. నేశాక గుడ్డ నిటారుగా, నిండుగా కనిపించడానికి ఇంకొంచెం పెడతారు. దాంట్లో మోసం లేదు, నేతగాడు 'గంజితో' అని రాసిచ్చాడు కూడా. ఆ మాట తీసేసి వజను మాత్రం ఉంచుకుంటే అప్పుడది మోసం.

జీఎస్ఎమ్ అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందీ అన్నది. ఆఫీసు లెక్క ఇది. 0.70 మీటర్లు × 2 మీటర్లు, 1.4 చదరపు మీటర్లు. 126ని 1.4తో భాగిస్తే 90. గణితంలో తప్పు లేదు. నేను ఒక నమూనాని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెల్లగా ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి, గదిలో నీడలో రెండు రోజులు ఆరబెట్టా. ఉతకని నమూనాని కూడా అదే గదిలో ఉంచా, ఎందుకంటే నూలు గాల్లో చెమ్మ తాగుతుంది, వానాకాలం తూకం వేరు, ఎండాకాలం తూకం వేరు. తర్వాత బజార్లో మాకు తెలిసిన బంగారు కొట్టుకి పట్టుకెళ్ళి, గ్రాములో నూరో వంతు చూపే కాటా మీద తూచా.

112 గ్రాములు. గంజి 14 గ్రాములు పోయింది, నూటికి 11.

టేపు పెట్టి కొలిస్తే పొడవు 192, వెడల్పు 68. ఇప్పుడు జీఎస్ఎమ్ లెక్కేద్దాం. 1.92 × 0.68 అంటే 1.3056 చదరపు మీటర్లు. 112ని దాంతో భాగిస్తే 85.8, అంటే 86.

ఇక్కడ కొంచెం ఆగండి, అసలు మలుపు ఇదే. 90కి బదులు 86 వచ్చింది. చూస్తే ఫరక్ నాలుగే. "నాలుగు గ్రాములకి ఇంత గొడవా?" అంటారు. గుడ్డలోంచి గంజి పోయి వజను తగ్గింది, అదే సమయంలో గుడ్డ ముడుచుకుని విస్తీర్ణం కూడా తగ్గింది. రెండు నష్టాలూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. జీఎస్ఎమ్ ఒక్కటే రాస్తే కొనేవాడికి ఏమీ కనపడదు. అతను పోగొట్టుకున్నది 14 గ్రాముల బరువు, 8 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు. అందుకే జీఎస్ఎమ్ రాసే ప్రతిచోటా అది ఉతకకముందుదా, ఉతికాకదా అన్నది రాయాలి, పక్కనే రెండు కొలతలూ ఇవ్వాలి. బాజార్లో ధాన్యం రాశి లోపలికి చెయ్యి పెట్టి తడి బయటికి తీసిన రసూలుల్లాహ్ వాఖియా మన పిల్లలందరికీ తెలుసు. తడిసింది పైన పెట్టు, జనం చూస్తారు అన్నదే అక్కడి సబక్. గంజిని పైన పెట్టడమంటే షీట్ మీద ఆ ఒక్క మాట రాయడం.

తర్వాత శాతాలు. ఉతికిన స్టోల్ నుంచి ఒక పట్టీ కోశా. చాలామంది చేసే తప్పేంటంటే మధ్యలోంచి పది సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి దాన్నే లెక్క పెడతారు. అందులో అంచు రాదు, జరీ మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. అందుకని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, పూర్తి వెడల్పున, 10 సెంటీమీటర్ల పొడవు పట్టీ కోయాలి. కొంగు దగ్గర అడ్డ చారలుంటే అది కూడా సరిపోదు, కొంగుని వేరే తూచాలి. ఈ స్టోల్‌కి పక్క అంచులే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పట్టీ 5.83 గ్రాములు తూగింది. సూదితో పోగు పోగు విడదీశా, ఒక పూట పట్టింది. అమ్మీ పక్కన కూచుని జరీ పోగులు ఏరింది. పడుగు కాటన్ 3.03 గ్రాములు, పేక విస్కోస్ 2.45, జరీ 0.35. అంటే కాటన్ 52 శాతం, విస్కోస్ 42, జరీ 6.

ల్యాబ్ వాళ్ళు దీన్ని పొడిగా ఆరబెట్టి, ఒక్కో పోగుకి ఇంత చెమ్మ అని చట్టం చెప్పిన లెక్క కలిపి శాతం తీస్తారు. కాబట్టి వాళ్ళ అంకె నా అంకె నుంచి కొంచెం జరుగుతుంది. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఇలాంటి మిశ్రమాలకి రాసిన శాతానికీ అసలు శాతానికీ మధ్య 3 దాకా తేడా ఒప్పుకుంటారు. నా చేతి లెక్క ల్యాబ్‌కి బదులు కాదు. కానీ 'సిల్క్' అన్న మాట కొట్టేయడానికి అది చాలు.

జరీ 6 శాతం దగ్గర ఒక చిత్రం ఉంది. యూరప్ చట్టంలో కేవలం సింగారానికి ఉన్న, కంటికి కనపడే, విడదీయగలిగే పోగులు 7 శాతం మించకపోతే చెప్పక్కర్లేదు. అమెరికాలో అలంకారానికి ఆ మాఫీ 5 దాకానే. ఒకే స్టోల్, ఒక దేశంలో జరీ పేరు వదలొచ్చు, ఇంకో దేశంలో రాయాలి. ఆఫీసాయన ఈ సంగతి పట్టుకుని "చూశారా, రాయక్కర్లేదు" అన్నాడు. రాయక్కర్లేదు అనేది ఒకటి, 'ప్యూర్ జరీ' అని రాయడం ఇంకొకటి. చెప్పకపోవడానికి ఇచ్చిన ఇజాజత్, ఝూట్ చెప్పడానికి ఇజాజత్ అవ్వదు. పైగా జరీ రాయకపోతే ఇస్త్రీ దగ్గర చిక్కొస్తుంది.

ఇస్త్రీ గుర్తులో ఒక చుక్క అంటే తక్కువ వేడి, రెండంటే మధ్యరకం, మూడంటే ఎక్కువ. కాటన్ ఒక్కటే అయితే మూడు చుక్కలు తట్టుకుంటుంది. విస్కోస్‌కి మామూలుగా రెండు. ప్లాస్టిక్ జరీకి ఒకటే, అదీ ఆవిరి లేకుండా. గుడ్డలో ఎక్కువ శాతం ఏదుంటే దాన్ని బట్టి ఇస్త్రీ రాస్తారు చాలామంది. అది పూర్తిగా గలత్. అన్నిటికంటే నాజూకైన పోగు ఏదో దాన్ని బట్టి రాయాలి, అది 6 శాతమైనా సరే. ముసాయిదాలో 'వేడి ఇస్త్రీ' అని ఉంది. రెండో నమూనా అంచు మీద వేడి ఇస్త్రీ పెట్టి చూశా. జరీ ముడుచుకుపోయి అంచు ఊలు దారంలా మెలికలు తిరిగింది. ఆ స్టోల్ కొన్న ఆవిడ మన లేబుల్ చదివి, నమ్మి, ఇస్త్రీ చేసి, పాడుచేసుకుని ఎవర్ని తిట్టుకుంటుంది? 'ఇండియా చేనేత ఇంతే' అంటుంది. ఆ తిట్టు తగిలేది ఆఫీసుకి కాదు, మగ్గానికి.

రంగు కూడా అంతే. తడిపిన తెల్ల కాటన్ గుడ్డని వేలికి చుట్టి ఎర్ర అంచు మీద పది సార్లు రుద్దితే గులాబీ రంగు అంటింది. చిట్టీలో ఆయన చెప్పింది అదే. దాన్ని 'రంగు పోదు' అని తర్జుమా చెయ్యడం తర్జుమా కాదు. 'విడిగా, చల్లని నీళ్ళలో ఉతకండి' అన్నది ఆయన మాటకి సరైన ఇంగ్లీషు. దానికి భయపడి కొందరు ఒక చలాకీ చేస్తారు. ఏ గుడ్డకైనా 'డ్రై క్లీన్ ఓన్లీ' అని కొట్టేస్తారు, మన మీదకి ఏదీ రాదని. అదీ ఒక దావాయే, దానికీ సబూత్ కావాలి. అమెరికా కేర్ లేబుల్ నియమం ప్రతి సూచనకీ సరైన ఆధారం చేతిలో ఉండాలంటుంది. ఇంట్లో చక్కగా ఉతుక్కోగలిగిన నూలు గుడ్డని జీవితమంతా డ్రై క్లీనింగ్ షాపుకి మొయ్యమనడం కొనేవాళ్ళ మీద జుల్మే.

నేను పంపిన షీట్ ఇది:

```
Composition: 52% cotton, 42% viscose,
             6% metallised polyester
Size: 70 x 200 cm loom-finished (starched)
      68 x 192 cm after one hand wash
Weight: 86 g/m2, washed and dried
Care: Hand wash cold, separately. Do not bleach.
      Dry in shade. Cool iron (one dot), no steam.
Percentages by hand separation; lab test required
```

డ్రై క్లీనింగ్ గుర్తు దగ్గర ఖాళీ వదిలా. పరీక్ష చెయ్యందే ఏమీ రాయలేనని ఉత్తరంలో చెప్పా. జవాబుగా వచ్చినదే పైన మొదటి లైన్. "ట్రాన్స్‌లేషన్ చెయ్యండి, తహఖీఖాత్ కాదు."

ఆయనకి నా జవాబ్ ఇది. తర్జుమా అంటే ఒకరి మాట ఇంకొకరికి అమానత్‌గా చేర్చడం అయితే, ఆ ఒకరు ఎవరు? మీ ముసాయిదానా, నేతగాడి చిట్టీనా? గుడ్డ గురించి తెలిసినవాడు మాట్లాడింది చిట్టీలో. మీ ముసాయిదా అప్పటికే ఒక తర్జుమా, అదీ చెడిపోయిన తర్జుమా. దాన్ని అందమైన ఇంగ్లీషులో పెట్టడమంటే దొంగ సంతకాన్ని మంచి సిరాతో దిద్దడం.

ఇంకో దలీలు ఉంది, అది మాత్రం నన్ను నిజంగా ఆలోచింపజేసింది. "మీ నిజాయితీ వల్ల ఆర్డర్ పోతే ఆ నేతగాడి పొయ్యి ఆరుతుంది, మీకేం?" అన్నాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి పెద్దాయనకే ఫోన్ చేసి అడిగా. ఆయన చెప్పింది విని నోరు మూతపడింది. అంతకుముందు ఇంకో సరుకు ఇలాగే వెళ్ళి, అక్కడ పరీక్షలో పట్టుబడి, కొనుగోలుదారు రేటు కోసేశాడట. ఆ కోత ఆఫీసు భరించలేదు. 'నీ సరుకులో లోపం' అని చెప్పి ఈయన మజూరీలో పట్టుకున్నారు. చిట్టీలో నిజం రాసిచ్చిన మనిషే ఝూట్‌కి జుర్మానా కట్టాడు. "అందుకే అమ్మా, అప్పట్నుంచి చిట్టీకి నకలు ఉంచుకుంటున్నా" అన్నాడు. పొయ్యి ఆరేది నిజం వల్ల అన్న మాట ఇంక నా ముందు ఎవరూ అనొద్దు.

మా ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇంకో జాగ్రత్త చెప్పి ముగిస్తా. మన పక్కనే పొందూరు ఉంది. అక్కడ కొండ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో వడికి, ఆ నూలుతో నేసేది ఖద్దరు. ఖాదీ కమిషన్ 1956 చట్టంలో ఖాదీ అంటే చేత్తో వడికిన నూలుతో చేమగ్గం మీద నేసిన గుడ్డ అని స్పష్టంగా ఉంది. 2013 నుంచి ఖాదీ మార్క్ నియమాలూ ఉన్నాయి. మిల్లు నూలుతో మగ్గం మీద నేసింది చేనేత, అదీ గౌరవమైనదే, కానీ ఖాదీ కాదు. తెలుగు కాగితాల్లో 'ఖద్దరు లాంటిది', 'ఖద్దరు రకం' అని వస్తుంది. ఆ 'లాంటిది', 'రకం' ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు రాలిపోతాయి. రాలనివ్వకండి. నూలు ఎవరు వడికారో అడగండి.

ఈ పని చేస్తున్న చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, మీరు ఒక్క షర్త్ పెట్టుకోండి. ఆఫీసు ముసాయిదాతో పాటు మగ్గం చిట్టీ ఫొటో లేనిదే పని మొదలుపెట్టకండి. ఆ ఫొటో మీ దగ్గర భద్రంగా ఉంచండి. రేపు తకరార్ వస్తే నేతగాడికి గవాహీ అదే, మీక్కూడా అదే.

ఆ స్టోల్ షీట్ వేరే ఎవరో రాసి ఇచ్చారని విన్నా. పెద్దాయన మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "మీకు పంపిన ఫొటో ఉందా అమ్మా? నా కాగితం వానకి తడిసిపోయింది" అన్నాడు. ఉంది బాబాయ్, నా దగ్గర ఉంది అన్నా.